ట్రాక్టర్లు పెరిగితే లాభం ఎటు పోయింది?

ప్రశ్న: ట్రాక్టరు కిరాయికి తిప్పుతున్నాను. మొదట్లో బాగా మిగిలేది. మా చుట్టుపక్కల ట్రాక్టర్లు పెరిగాక నా కూలి మాత్రమే గిడుతోంది. అమ్మేయమంటారా?
– ఒక రైతు, జూలూరుపాడు

జవాబు: తొందరపడకండి. గంట దున్నకానికి కిరాయి 1,200 రూపాయలు అనుకుందాం. డీజిల్, మరమ్మతులు, బండి అరుగుదల, పెట్టుబడికి వడ్డీ, మీ కూలి కలిపితే ఖర్చు 1,000. పైన మిగిలే ఆ 200 చూసే కొత్తవాళ్లు బండ్లు కొంటారు. పోటీ పెరిగి కిరాయి 1,000 దాకా దిగుతుంది. అక్కడ ఆర్థిక లాభం సున్నా, కాబట్టి కొత్తవాళ్లు రారు. అయినా మీ కూలి, వడ్డీ మీకు ముడుతూనే ఉంటాయి కాబట్టి ఉన్నవాళ్లు పోరు. కిరాయి 900కు పడితే, బండి పాతబడ్డాక కొందరు మళ్లీ కొనరు. బండ్లు తగ్గి కిరాయి తిరిగి పెరుగుతుంది. మీ కూలి, వడ్డీ, అరుగుదల లెక్కగట్టి చూడండి. అవి వరుసగా రెండు మూడేళ్లు రాకపోతేనే అమ్మండి.