ఆదివారం టికెట్, శనివారం ప్రయాణం

చిరంజీవి మేనకోడలికి,



పొద్దున బావ ఫోన్ చేశాడు. 20వ తేదీ ఆదివారం మధ్యాహ్నం చుట్టాలందరికీ భోజనాలు పెట్టి, సాయంత్రం నిన్ను శంషాబాద్ తీసుకుపోతానన్నాడు. నాకు అనుమానం వచ్చి నువ్వు పంపిన టికెట్ మళ్లీ తీసి చూశాను. హైదరాబాద్ నుంచి దోహా, 20 సెప్టెంబర్ 2026, బయలుదేరే సమయం 00:40. బిడ్డా, అది శనివారం రాత్రి విమానం. జగిత్యాలలో మనం విస్తళ్లు వేసే వేళకు, దోహాలో నువ్వు ఎక్కాల్సిన రెండో విమానం కూడా గాలిలో ఉంటుంది. భోజనాలు శుక్రవారానికి మార్చమని బావకు చెప్పాను, సరేనన్నాడు. అయితే ఈ లెక్క నీకు కూడా వివరంగా తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. రేపు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఇంటికి రావడానికి టికెట్ నువ్వే చూసుకోవాలి కదా.

మనవాళ్లు ఇక్కడ పొరబడటానికి కారణం తెలివితక్కువతనం కాదు. మనకు వారం మారేది తెల్లవారితేనే. పంచాంగం కూడా సూర్యోదయం నుంచి సూర్యోదయం వరకు ఒక వారంగా లెక్కిస్తుంది. శనివారం రాత్రి ఒంటిగంటకు ఎవరైనా తలుపు కొడితే, మర్నాడు 'శనివారం రాత్రి వచ్చారు' అనే చెప్పుకుంటాం. విమాన సంస్థకు మాత్రం గడియారంలో 00:00 పడగానే ఆదివారం. అందుకే 20వ తేదీ 00:40 విమానానికీ, అదే 20వ తేదీ 22:30 విమానానికీ మధ్య దాదాపు 22 గంటల ఎడం ఉంటుంది. టికెట్ మీద మాత్రం రెండింటికీ ఒకటే తేదీ. చేరే సమయం మర్నాటికి పడితే పక్కన +1 అని వేస్తారు కానీ, బయలుదేరే సమయం పక్కన 'ఇది ముందురోజు రాత్రి' అని చెప్పే గుర్తేమీ ఉండదు.

కాబట్టి బయలుదేరే సమయాన్ని పట్టుకోకు, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టు. విదేశీ విమానాలకు కౌంటర్ సాధారణంగా మూడు గంటల ముందు తెరుస్తారు. నీ విషయంలో అది శనివారం రాత్రి 9:40. చాలా సంస్థలు బయలుదేరడానికి గంట ముందు కౌంటర్ మూసేస్తాయి. కొన్ని ఇంకా ముందే మూస్తాయి, నీ టికెట్ షరతుల్లో చూసుకో. గంట అనే అనుకున్నా శనివారం రాత్రి 11:40కి నీ పెట్టెలు తీసుకునేవాళ్లు ఉండరు. సామాను ఇవ్వడం, బోర్డింగ్ పాస్ తీసుకోవడం, ఇమిగ్రేషన్, భద్రతా తనిఖీ, ఇవన్నీ 19వ తేదీలోనే అయిపోతాయి. పాస్‌పోర్ట్ మీద పడే ముద్రలో కూడా 19 ఉంటుంది, చూసి కంగారుపడకు. 20వ తేదీ వచ్చేసరికి నువ్వు గేటు దగ్గర ఉంటావు.

ఇంకా వెనక్కి పోదాం. జగిత్యాల నుంచి కరీంనగర్ మీదుగా రాజీవ్ రహదారిలో శామీర్‌పేట వచ్చి, ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని శంషాబాద్ చేరడానికి కారులో అయిదారు గంటలు పడుతుంది. మధ్యలో టీకి ఆగడం, టైరు పంక్చరు, ఊళ్ల దగ్గర రద్దీ కలుపుకుని ఏడు గంటలు పెట్టుకుందాం. రాత్రి 9కి అక్కడ ఉండాలంటే మధ్యాహ్నం 2కి ఇంట్లోంచి కదలాలి. డ్రైవర్‌కు 'ఇరవయ్యో తేదీ విమానం' అని చెప్పవద్దు. '19, శనివారం, మధ్యాహ్నం 2' అని మాత్రమే చెప్పు. విమానం తేదీ వింటే అతను కూడా ఆ తేదీకే బండి రాసుకుంటాడు.

నేను ట్రావెల్స్ ఆఫీసులో గల్ఫ్ టికెట్లు చేసిన రోజుల్లో ఒక కుర్రాడు ఇలాగే విమానం పోగొట్టుకున్నాడు. అతనిదీ అర్ధరాత్రి దాటిన విమానమే. టికెట్ మీద ఉన్న తేదీనాటి రాత్రి, వేళకు ముందే, ఇంటిల్లిపాదితో విమానాశ్రయానికి వెళ్లాడు. గుమ్మం దగ్గర టికెట్ చూపిస్తే తేదీ ఆనాటిదే కాబట్టి లోపలికి పంపారు. లోపల బోర్డు మీద అతని విమానం నంబరే కనిపించింది, సమయం కూడా అదే. రోజూ తిరిగే విమానానికి నంబరు మారదు కదా. బోర్డు మీద ఉన్నది తెల్లవారితే వచ్చే తేదీది, అతనిది వెళ్లిపోయి ఇరవై గంటలు దాటింది. కౌంటర్‌లో అమ్మాయి పేరు వెతికి లేదని చెప్పేదాకా అతనికి అన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనిపించాయి. ఈ పొరపాటులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే, విమానాశ్రయం చేరాక కూడా అది మనిషికి తెలిసిరాదు. అప్పు తెచ్చి కొన్న టికెట్ అది. మళ్లీ అప్పు చేశారు.

విమానం ఎక్కకపోతే పోయేది ఒక్క ప్రయాణం కాదు. ఒకే బుకింగ్‌లో ఉన్న టికెట్‌ను వరుసగా వాడాలని చాలా సంస్థలకు నిబంధన. హైదరాబాద్–దోహా వాడకపోతే దోహా–ఫ్రాంక్‌ఫర్ట్ కూడా రద్దవుతుంది, తిరుగు టికెట్ అందులోనే ఉంటే అదీ పోతుంది. ఎప్పుడైనా ఇలాంటి పొరపాటు ఆలస్యంగా తెలిసినా, విమానం ఇంకా కదలకపోతే వెంటనే సంస్థకు ఫోన్ చెయ్యి. సంస్థ పెట్టిన గడువులోగా అడిగితే తేదీ మార్పు, అది దాటాక అడిగితే రాకుండా ఉండిపోయినట్టు లెక్క. మార్పుకు రుసుము, ఛార్జీలో తేడా కట్టాల్సివచ్చినా చాలావరకు టికెట్ విలువ మిగులుతుంది.

టికెట్ కొనేటప్పుడు కూడా ఇదే చూడాలి. ఆదివారం రాత్రి బయలుదేరాలని నీకు ఉంటే, అర్ధరాత్రి దాటిన విమానాల కోసం సోమవారం తేదీతో వెతకాలి. ఏజెంటు 12:40 ఏఎం అని మెసేజ్ పెడితే దాన్ని మధ్యాహ్నం అనుకోకుండా, టికెట్ మీద 24 గంటల పద్ధతిలో ఏముందో చూసుకో. వెబ్ చెక్ఇన్ 24 గంటల ముందు తెరిచే సంస్థ అయితే నీకు అది 19వ తేదీ 00:40కి, అంటే శుక్రవారం రాత్రి మనం పడుకున్నాక తెరుచుకుంటుంది. శనివారం లేవగానే చేసుకో. అది చేసుకున్నా పెట్టెలు ఇచ్చే గడువు మారదు.

తెల్లవారుజామున 3:30 విమానానికి ఈ లెక్క కొంచెం మారుతుంది. మూడు గంటలు తీసేస్తే 00:30, టికెట్ తేదీలోనే పడుతుంది. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు కూడా ఇల్లు వదిలేది మాత్రం ముందురోజు రాత్రే.

ఇక ఫ్రాంక్‌ఫర్ట్‌లో నిన్ను తీసుకువెళ్లడానికి వచ్చే స్నేహితురాలికి తేదీ వెనక్కి జరిపి చెప్పకు. దోహాలో దిగేది అక్కడి సమయం 02:40కి, ఫ్రాంక్‌ఫర్ట్ చేరేది మధ్యాహ్నం 13:30కి, రెండూ 20వ తేదీ ఆదివారమే. వెనక్కి జరిగేది ఇక్కడి నీ పనులే. ఆ అమ్మాయికి 'ఆదివారం మధ్యాహ్నం' అని ఈరోజే రాసిపెట్టు. డ్రైవర్‌తో నేను కూడా మాట్లాడతాను.

మీ మామయ్య