గట్టు మీదే ఉండండి, మందు మేం కొడతాం

ప్రశ్న: డ్రోన్‌తో వరికి మందు కొట్టే పని మొదలుపెట్టాను. ఎకరా, రెండెకరాల రైతుల కోసం కరపత్రం మీద ఏం రాయాలి? ‘అత్యాధునిక సాంకేతికత’ అని రాయించాను, ఎవరూ పిలవడం లేదు.

జవాబు: ఆ మాట తీసేయండి. మోకాలి లోతు బురదలో ట్యాంకు వీపున మోసే రైతుకు కావలసింది పై శీర్షికలోని మాట. దాన్నే పెద్ద అక్షరాల్లో వేయించండి. కింద ఇలా రాయండి:

“అరెకరమైనా వస్తాం. ఎకరాకు సుమారు 10 లీటర్ల నీళ్లు, 10 నిమిషాలు. మందు మీదే, మీ కళ్లముందే కలుపుతాం. గాలి ఎక్కువుంటే ఆ రోజు కొట్టం.”

అరెకరం ఉన్న ఒక్కరి కోసం వెళ్తే మీకు గిట్టదు. పక్కపక్క మడుల రైతులను కలిపి ఒకే రోజు పెట్టుకోండి.

‘మందు సగం చాలు’ అని మాత్రం రాయకండి. తగ్గేది నీళ్లే. ఎకరాకు సిఫారసు చేసిన మందు మోతాదు తగ్గదు. సుడిదోమ విషయంలో ఇంకో జాగ్రత్త: అది దుబ్బు మొదట్లో ఉంటుంది. పైరు గుబురుగా ఉంటే పైనుంచి కొట్టిన మందు అక్కడిదాకా సరిగా దిగకపోవచ్చు. అలాంటి చేను కనిపిస్తే పాయలు తీసి మొదళ్లకు కొట్టించుకోమని రైతుకు చెప్పి, ఆ బేరం వదులుకోండి.