అంగీకారం వెనక్కి తీసుకుంటే

ప్రశ్న: పరస్పర అంగీకార విడాకులకు పిటిషన్ వేశాక భర్త మనసు మార్చుకుంటే భార్యకు, నాలుగేళ్ల బిడ్డకు దారేమిటి?

జవాబు: హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద, ఏడాదికి తగ్గకుండా విడిగా ఉన్న దంపతులు ఉమ్మడి పిటిషన్ వేసి, సాధారణంగా ఆరు నెలల తరువాత మళ్లీ అంగీకారం తెలపాలి గనుక, డిక్రీకి ముందు ఒకరు వెనుదిరిగితే, 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, క్రూరత్వం వంటి కారణాన్ని సాక్ష్యాలతో రుజువు చేయవలసిన వివాదాస్పద విడాకులే మిగులుతాయి. అయితే భరణానికి అంతవరకూ ఆగనక్కరలేదు. కేసు నడుస్తుండగా ఇప్పించే మధ్యంతర భరణాన్ని కోర్టు ఇరువురి ఆస్తి అప్పుల అఫిడవిట్లను పోల్చి నిర్ణయిస్తుంది, ఆదాయం దాచినవారు తరచు దొరికేదీ ఇక్కడే. ఐదేళ్లలోపు బిడ్డను సాధారణంగా తల్లికే అప్పగించినా, నిర్ణాయకమైనది బిడ్డ క్షేమమే కాబట్టి, పరిస్థితులు మారితే ఆ ఉత్తర్వునూ సవరించవచ్చు.