వారం రోజులుగా విరేచనం కాని గర్భిణి: ఏమి పెట్టాలి, ఏమి పెట్టకూడదు

గర్భిణికి రెండు మూడు రోజులు విరేచనం కాకపోతే ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వారం గడిచేసరికి కంగారు మొదలవుతుంది. ఒకరు ఆముదం పట్టమంటారు, ఒకరు సునాముఖి చూర్ణం ఇమ్మంటారు, మరొకరు ఇసబ్‌గోల్ రెండు పూటలా తినిపించమంటారు. ఇందులో మొదటి రెండూ గర్భిణికి తగనివి. మూడవది మంచిదే గాని, వారం రోజుల మలం గట్టిపడి ఉన్నప్పుడు మొదట ఇవ్వవలసింది అది కాదు. కాబట్టి ఏది ముందు, ఏది తరువాత అన్నది తెలుసుకోవాలి.

ఎందుకు ఇలా అవుతుంది?

గర్భం నిలిచినప్పటి నుండి ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పెరుగుతుంది. అది గర్భసంచి కండరాలతో పాటు పేగు కండరాలను కూడా సడలిస్తుంది. పేగులో మలం నెమ్మదిగా కదులుతుంది. ఎంత ఎక్కువసేపు పేగులో ఉంటే అంత నీరు లోపలికి పీల్చబడి మలం గట్టిపడుతుంది. నెలలు నిండేకొద్దీ గర్భసంచి బరువు కూడా పెద్దపేగు మీద పడుతుంది. దీనికి తోడు ఐరన్ మాత్రలు. గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. రక్తం తక్కువగా ఉన్నవారికి రోజుకు రెండు మాత్రలు ఇస్తారు. అవి మొదలుపెట్టాక మలబద్ధకం పెరగడం, మలం నల్లగా రావడం చాలామందికి జరుగుతుంది.

ముందు చూడవలసిన లక్షణాలు

ఇంటి వైద్యం ఆలోచించే ముందు ఈ ప్రశ్నలు అడగాలి. కడుపు బాగా ఉబ్బి, గ్యాస్ కూడా పోవడం లేదా? వాంతులు ఆగకుండా అవుతున్నాయా? జ్వరం ఉందా? కడుపునొప్పి ఆగి ఆగి అలలుగా వస్తున్నదా, లేక విడవకుండా ఉందా? రక్తస్రావం గాని, ఉమ్మనీరు పోవడం గాని ఉందా? బిడ్డ కదలికలు తగ్గాయా? మలంతో రక్తం ఎక్కువగా పడుతున్నదా? ఏ ఒక్కటి ఉన్నా అది ఆహారంతో సరిచేసే సమస్య కాదు. అదే పూట ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇవేవీ లేకపోయినా వారం దాటిందంటే ఒకసారి డాక్టరు చేత కడుపు పరీక్ష చేయించుకోవాలి.

ఒక ఉదాహరణ

ఒక సోదరికి ఏడవ నెల అనుకుందాం. రక్తం 9 గ్రాములే ఉందని రెండు వారాల క్రితం ఐరన్ మాత్రలు రోజుకు రెండు చేశారు. ఉదయం చాయ్, బిస్కెట్లు. మధ్యాహ్నం తెల్లన్నం, మాంసం కూర. రాత్రి మైదా పరోటా. రాత్రిపూట మాటిమాటికీ లేవవలసి వస్తుందని నీళ్లు తగ్గించింది. ఏడు రోజులుగా విరేచనం లేదు. కడుపు బరువుగా ఉంది గాని నొప్పి, వాంతులు లేవు, గ్యాస్ పోతున్నది, బిడ్డ బాగానే కదులుతున్నది.

డాక్టరు పరీక్షించి ప్రమాదం లేదని చూశాక, మొదటి పని గట్టిపడిన మలాన్ని మెత్తబరచడం. దీనికి సాధారణంగా లాక్టులోజ్ సిరప్ రాస్తారు. అది రక్తంలోకి దాదాపు చేరదు. పేగులోనే ఉండి నీటిని పట్టి ఉంచుతుంది. వెంటనే పనిచేయదు, ఒకటి రెండు రోజులు పడుతుంది. మొదట్లో కొంచెం ఉబ్బరం ఉండవచ్చు. మోతాదు డాక్టరు చెప్పినంతే. దానితో పాటు ఈ సోదరి రోజు మొత్తంలో 8 నుండి 10 గ్లాసుల నీళ్లు తాగాలి. సాయంత్రం ఏడు గంటలలోపు ఎక్కువ భాగం తాగేస్తే రాత్రి నిద్రకు అంత ఇబ్బంది ఉండదు.

ఈ రెండు రోజులూ ఆహారం తేలికగా ఉండాలి. ఉదయం లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు. రాత్రి నానబెట్టిన రెండు అంజీర్లు, పది కిస్మిస్‌లు, ఆ నీళ్లతో సహా. మధ్యాహ్నం అన్నంలో బీరకాయ లేదా సొరకాయ పప్పు, పలుచని మజ్జిగ. షుగర్ ఉన్న గర్భిణి మాత్రం అంజీర్, కిస్మిస్, ఖర్జూరం డాక్టరును అడగకుండా తినకూడదు. ఆమెకు కూరగాయలే మేలు.

మొదటి విరేచనం గట్టిగా, తరువాతిది మెత్తగా అయితే దారి తెరుచుకున్నట్లే. అప్పుడు పీచు పెంచాలి. ఒకపూట జొన్నరొట్టె, తోటకూర లేదా పాలకూర, రోజుకు ఒక జామపండు చాలు. ఇవన్నీ ఒకే రోజు మొదలుపెడితే గ్యాస్ పట్టుకుంటుంది. వారం రోజుల్లో ఒక్కొక్కటిగా చేర్చాలి.

ఇసబ్‌గోల్ ఎలా తీసుకోవాలి?

ఇసబ్‌గోల్ పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పీల్చి జిగురుగా ఉబ్బుతుంది. మంచి చేసేదీ ఈ గుణమే, నీళ్లు చాలకపోతే చెడు చేసేదీ ఇదే. ఒక టీ చెంచా పొట్టును నిండు గ్లాసు నీళ్లలో కలిపి, చిక్కబడక ముందే తాగి, పైన మరొక గ్లాసు నీళ్లు తాగాలి. పొడిగా నోట్లో వేసుకోకూడదు, తాగి వెంటనే పడుకోకూడదు. గట్టి మలం అడ్డుపడి ఉండగా దీన్ని తీసుకుంటే దాని వెనుక మరింత పేరుకుని ఉబ్బరం పెరుగుతుంది. అందుకే దీన్ని దారి తెరుచుకున్నాకే మొదలుపెట్టాలి. మాత్రలు సరిగా ఒంటపట్టడానికి ఐరన్‌కూ దీనికీ మధ్య రెండు గంటల వ్యవధి ఉంచాలి.

ఏమి ఇవ్వకూడదు?

ఆముదం తాగించకూడదు. అది పేగులనే కాదు, గర్భసంచిని కూడా కదిలించి నొప్పులు తెప్పించగలదు. సునాముఖి, అంటే సనా మక్కీ, మన ఇళ్లలో గౌరవం ఉన్న మందు. కాని అది పేగులను పిండినట్లు కదిలిస్తుంది, ఇంట్లో నూరిన పొడిలో ఎంత మందు ఉందో కొలవలేము. అవసరమని డాక్టరు అనుకుంటే కొలిచిన మాత్రగా కొద్ది రోజులు ఇస్తారు, అంతే. బజారులో దొరికే మలబద్ధకం చూర్ణాలు చాలా వాటిలో ఇదే ఉంటుంది. కలబంద పసరు, పచ్చి బొప్పాయి కూడా వద్దు. లిక్విడ్ పారాఫిన్ ఎక్కువ రోజులు వాడితే ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటపట్టవు. ఇంట్లో సబ్బు నీళ్లతో ఎనీమా ఇవ్వడం అసలే పనికిరాదు.

ఐరన్ మాత్రలు సొంతంగా మానేయడం మరొక పొరపాటు. రక్తం తక్కువగా ఉన్న తల్లికి కాన్పు సమయంలో కొద్దిగా రక్తం పోయినా ప్రమాదమే. మాత్ర పడటం లేదని డాక్టరుతో చెబితే మోతాదు గాని, మందు రకం గాని మారుస్తారు. చాయ్ మాత్రం మాత్రకు గంట ముందూ, రెండు గంటల తరువాత వరకూ తాగకూడదు. క్యాల్షియం మాత్ర వేరే పూట వేసుకోవాలి.

రంజాన్‌లో ఈ సమస్య మరింత పెరుగుతుంది. పగలంతా నీళ్లు లేకపోవడం వల్ల మలం గట్టిపడుతుంది. తనకో బిడ్డకో హాని కలుగుతుందన్న భయం ఉన్న గర్భిణికి ఉపవాసాలు తరువాతికి వాయిదా వేసుకునే వెసులుబాటు ఉంది. వారం రోజులు విరేచనం లేని స్థితిలో ఆ సంగతి డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

రోజూ అదే వేళకు

ఉదయం ఏదైనా తిన్న అరగంటలో పెద్దపేగు సహజంగా కదులుతుంది. ఆ వేళకు పని పక్కనపెట్టి మరుగుదొడ్డికి వెళ్లాలి. కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్లు పైకి లేచి మలం సులభంగా దిగుతుంది. బలవంతంగా ముక్కకూడదు, మొలలు వస్తాయి. పది నిమిషాల్లో కాకపోతే లేచి రావాలి. డాక్టరు విశ్రాంతి చెప్పనివారు సాయంత్రం ఇరవై నిమిషాలు నడవాలి.

సిరప్, నీళ్లు మొదలుపెట్టి మూడు రోజులైనా విరేచనం కాకపోతే మోతాదు తామే పెంచకుండా మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఆ మూడు రోజుల్లో పైన చెప్పిన లక్షణం ఏదైనా కనిపిస్తే అంతవరకు ఆగవద్దు.