పెళ్లి ఫోటోలో చీర మారిస్తే ఇంకేం మారుతుంది?

పోయిన వేసవిలో మా అక్క పెళ్లి ప్రొఫైల్‌కి ఫోటో కావాలని ఇక్కడే బరంపురంలో ఒక స్టూడియోకి వెళ్లాం. అక్క అంటే మా పెద్దనాన్న కూతురు. ఆ రోజు కాటన్ కుర్తాలో ఉంది. కంప్యూటర్ ముందు కూర్చున్న భాయినా "పట్టుచీర వేసేద్దామా?" అని ఒడియాలో అడిగాడు. వెయ్యడం అంటే కట్టుకోవడం కాదు. అతని దగ్గర తల లేని చీరల ఫోటోలు చాలా ఉన్నాయి, వాటిని టెంప్లేట్లు అంటారు. అందులో ఒకటి ఎంచి, అక్క తలని మెడ దగ్గర కత్తిరించి దాని మీద అతికించాడు. పది నిమిషాల పని. బాగుందని మేమందరం ఒప్పుకున్నాం, నేను కూడా.

తర్వాత పలాస నుంచి ఒక సంబంధం వాళ్లు చూడ్డానికి వచ్చారు. అబ్బాయి తల్లి కాసేపు అక్కని చూసి, "ఈ మధ్య ఒళ్లు చేశావా అమ్మా?" అంది. నాలుగేళ్లుగా అక్క అదే బ్లౌజులు వేసుకుంటోంది. ఆ సంబంధం కుదరలేదు. కారణం వాళ్లు చెప్పలేదు, మేము అడగలేదు.

ఆ రాత్రి రెండు ఫోటోలూ ప్రింటు తీసి స్కేలు పెట్టి కొలిచాను. కుర్తా ఫోటోలో గడ్డం నుంచి నుదుటి పైదాకా ముఖం 3 సెంటీమీటర్లుంటే, భుజాల వెడల్పు 7. చీర ఫోటోలో ముఖం అదే 3, భుజాలు 6. అంటే చీరతో పాటు భుజాల్లో ఏడో వంతు పోయింది. ఆ చీర కట్టుకున్నది ఎవరో సన్నటి మోడల్. మనం చీర మారుస్తున్నాం అనుకుంటాం గానీ నిజానికి మెడ కింద మనిషినే మార్చేస్తున్నాం. నా లెక్కలో మోసం మొదలయ్యేది ఇక్కడే. చీర ఖరీదైనదా కాదా అన్నది తర్వాతి మాట.

ఒకసారి తెలిశాక మిగతావీ కనబడ్డాయి. అక్క ముఖానికి వెలుగు ఎడమ వైపు నుంచి పడుతోంది, కుచ్చిళ్లకి కుడి వైపు నుంచి. మెడలో హారం ఉంది గానీ దాని నీడ చర్మం మీద లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఎడమ భుజం మీదుగా ముందుకి వేసుకున్న జడ లేదు! చీర అతికించడానికి అడ్డమని కోసేశాడు. నడుం దాటే జడ అది, మా ఇంట్లో అందరికీ గొప్ప. ఉన్నదాన్ని తీసేసి లేనిది పెట్టాడన్నమాట.

హారం గురించి ఒక మాట. పిన్ని నగ అడిగి పెట్టుకుని ఫోటో దిగడం మన ఇళ్లలో మామూలే, అది నాకు తప్పనిపించదు. ఆ నగ కెమెరా ముందు నిజంగా ఉంది, పెళ్లిచూపులకీ అడిగి తెచ్చుకోవచ్చు. కంప్యూటర్‌లో పెట్టిన బంగారం అలా కాదు. అవతలి వాళ్లు దాన్ని చూసి ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క వేసుకుంటారు.

రెండోసారి ఫోటో ఇంట్లోనే తీశాం. పెద్దమ్మ బరంపురం పట్టుచీర, అంచుకి గుడి గోపురాల్లాంటి కుంభాలున్నది, అక్క కట్టుకుంది. సాయంత్రం నాలుగింటికి కిటికీ పక్కన నిలబెట్టాం. ముందు చేతిలో తెల్ల కాయితం పట్టించి ఒక ఫోటో తీశాను. ఎందుకంటే మా గోడల పసుపు రంగు పడి ఊదా చీర కాస్త గోధుమ రంగుగా వచ్చింది. ఫోన్‌లో ఆ కాయితం తెల్లగా కనిపించే దాకా రంగు సరిచేసి, అదే సవరింపు మిగతా ఫోటోలకి కూడా ఇచ్చాను. చీర ఊదాగా మారింది. ముఖం రంగు కూడా దానితో పాటే సరైంది, విడిగా తెల్లబరచలేదు. మడతల గీత ఒకటి, భుజం దగ్గర బయటికి కనిపించే పిన్నీసు, చంక దగ్గర చెమట మరక తీసేశాను. గంట ఆగితే అవి ఎలాగూ పోయేవే, అక్క గురించి ఏమీ చెప్పవు.

ఒక్క చోట మాత్రం ఆగిపోయాను. బ్లౌజు మెడ కొంచెం కిందికి ఉందని, గుడ్డని పైకి జరిపినట్టు చెయ్యమంది పెద్దమ్మ. ఒళ్లు కొలత మారదు కాబట్టి చెయ్యొచ్చనిపించింది. అక్క ఒప్పుకోలేదు. "ఆ బ్లౌజే వేసుకుని వాళ్ల ముందు కూర్చుంటాను కదా" అంది. కొంగు కాస్త పైకి సర్దుకుని మళ్లీ నిలబడింది, ఇంకో ఫోటో తీశాను.

నడుం దగ్గర ఏమీ ముట్టుకోలేదు. జడ ముందుకే ఉంది. ఫోటో తీసిన నెల, సంవత్సరం కింద రాసి పంపించాం.