క్యాప్సూల్ సీసా వెనక వైపు చూడండి

ప్రశ్న: నాకు 54 ఏళ్లు, బీపీ ఉంది. గుండెకు మంచిదని రోజూ 1000 మిల్లీగ్రాముల చేపనూనె క్యాప్సూల్ వేసుకుంటున్నాను. ఒమేగా-3 గుడ్లు కూడా తింటున్నాను. ఎంత మేలు ఆశించవచ్చు డాక్టర్ గారూ?

జవాబు: ఆ 1000 మొత్తం నూనె బరువండీ. సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. మామూలు రకాల్లో ఈపీఏ 180, డీహెచ్ఏ 120 అని ఉంటుంది. అంటే మీకు కావలసిన ఒమేగా-3 సుమారు 300 మిల్లీగ్రాములే. వంద గ్రాముల కవళ్లలో అంతకు మూడు రెట్లకు పైగానే దొరుకుతుంది. కానాగంతలూ మంచివే. వేపుడు కన్నా పులుసు మేలు.

గుడ్ల అట్ట మీద డీహెచ్ఏ ఎంతో విడిగా రాశారా చూడండి. కోళ్లకు అవిసె గింజలు మేపితే గుడ్డులో ఏఎల్ఏ బాగా పెరుగుతుంది గానీ, దాన్ని మన ఒళ్లు డీహెచ్ఏగా మార్చుకునేది చాలా స్వల్పం. ఆ గుడ్లకు ఎక్కువ ధర పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం.

ఇక గుండె సంగతి. అమెరికాలో సుమారు 26 వేల మందితో జరిగిన ‘వైటల్’ పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. ఐదేళ్లపాటు రోజుకు ఒక గ్రాము ఒమేగా-3 క్యాప్సూల్ వేసుకున్నా, గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు అన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువున్నవారికి పెద్ద మోతాదు పనిచేస్తుంది. కానీ ఆ మోతాదులో కొందరికి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టరు రాస్తేనే వాడాలి.

మీరు వారానికి రెండుసార్లు చేపలు తినగలిగితే క్యాప్సూల్ మానేయవచ్చు. బీపీ మాత్ర మాత్రం ఆపకండి.