రింగర్ మోగుతోంది, రిసీవర్ మూగబోయింది

సెల్‌ఫోన్ రిపేరు నేర్చుకుందామని వచ్చే కుర్రాళ్లలో చాలామంది డిస్‌ప్లే మార్చడంతోనే మొదలుపెడతారు. పగిలింది తీయాలి, కొత్తది అతికించాలి, అంతే. చేతికి పని వస్తుంది కానీ ఫాల్ట్ వెతకడం రాదు. ఉద్యోగానికి వెళ్లినా సొంతంగా షాపు పెట్టుకున్నా నిలబెట్టేది ఆ వెతికే చూపే. దాన్ని నేర్పే చిన్న ఫాల్ట్ ఒకటుంది. నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా ఏ షాపు ముందు కాసేపు నిలబడినా అది వినిపిస్తుంది: "అన్నా, చెవి దగ్గర పెట్టుకుంటే ఏమీ వినపడట్లేదు. స్పీకర్ ఆన్ చేస్తే మాత్రం బాగానే వస్తోంది." ఒక్కోసారి దీనికి తలకిందులుగా కూడా వస్తుంది: కాల్‌లో మాట బాగానే వినిపిస్తుంది, రింగ్‌టోన్ మాత్రం రాదు.

కస్టమర్ దృష్టిలో రెండూ స్పీకర్లే. టెక్నీషియన్‌కు అవి వేర్వేరు వస్తువులు. పైన చెవి దగ్గర ఉండేదాన్ని షాపుల్లో రిసీవర్ అంటారు, కింద చార్జింగ్ పిన్ పక్కన ఉండేదాన్ని రింగర్ అంటారు. రెండింటిలోనూ అయస్కాంతం, దాని మధ్య సన్నని రాగి చుట్ట, చుట్టకు అంటుకున్న పల్చని పొర ఉంటాయి. చుట్టలో కరెంటు మారినప్పుడల్లా పొర కదిలి శబ్దం పుడుతుంది. పోలిక అంతవరకే.

రిసీవర్ చెవికి ఆనించి వినడానికి తయారైంది కాబట్టి దానికి కొన్ని మిల్లీవాట్ల శక్తి చాలు. మామూలు ఫోన్లలో మెయిన్ బోర్డు మీది ఆడియో ఐసీ నుంచి రెండు లైన్లు నేరుగా దానికి వెళతాయి. రింగర్ గదంతా వినపడాలి, దానికి దాదాపు ఒక వాటు కావాలి. అందుకే దాని దారిలో విడిగా ఒక ఆంప్లిఫయర్ ఐసీ ఉంటుంది. ఆ లైన్ అక్కడి నుంచి స్ట్రిప్ ద్వారా కింది సబ్ బోర్డుకు దిగి, బిగుతుగా మూసిన ప్లాస్టిక్ డబ్బాలోని రింగర్‌ను చేరుతుంది. ఆ డబ్బాలో బిగించిన గాలి కూడా శబ్దంలో భాగమే. ఫోన్ మళ్లీ బిగించేటప్పుడు డబ్బా చుట్టూ ఉండే రబ్బరు గానీ జిగురు గానీ వదిలేస్తే, కొత్త రింగర్ వేసినా శబ్దం బోలుగా, పల్చగా వస్తుంది.

ఊళ్లో ఒకే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్ల లైను, మోటార్ల లైను విడిపోయినట్టు, ఈ రెండు దారులూ ఆడియో ఐసీ దగ్గర విడిపోతాయి. మోటారు ఆగి ఇంట్లో బల్బు వెలుగుతోందంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను అనుమానించం కదా. ఇక్కడా అదే లెక్క. రింగర్‌లో అవతలి మనిషి మాట స్పష్టంగా వస్తోందంటే నెట్‌వర్కూ సిమ్మూ బాగున్నట్టే, ఆడియో ఐసీ కూడా చాలావరకు బాగున్నట్టే. తప్పు రెండు దారులూ విడిపోయిన చోటి తర్వాతే ఉంది. స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే సగం బోర్డు అనుమానాల జాబితాలోంచి పోయింది.

ఇక ఒక కేసు తీసుకుందాం. ఆళ్లగడ్డ అనగానే గుర్తొచ్చేది శిల్పాలు. అక్కడి శిల్పశాలల్లో రాయి కోసే చక్రం తిరుగుతుంటే మెత్తని పొడి గాల్లో తేలుతుంది. దాంతో పాటు ఉలి నుంచి రాలే సన్నని ఇనుప రజను కూడా ఉంటుంది. అక్కడ పనిచేసే ఒకాయన ఫోన్ రిపేరుకు వచ్చిందనుకోండి. కాల్‌లో మాట ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు సన్నగా వినిపిస్తోంది, స్పీకర్ ఆన్ చేస్తే బాగుంది.

ముందు ఫోన్ విప్పకుండా చూడాల్సినవి చూడాలి. కాల్ నడుస్తుండగానే వాల్యూమ్ బటన్ నొక్కాలి, ఎందుకంటే కాల్ వాల్యూమ్ వేరు, పాటల వాల్యూమ్ వేరు. బ్లూటూత్ ఆపాలి. పైన హెడ్‌ఫోన్ గుర్తు ఉందేమో చూడాలి. ఇయర్‌ఫోన్ రంధ్రంలో తడి, మురికి చేరితే ఇయర్‌ఫోన్ పెట్టి ఉందనుకుని ఫోన్ శబ్దాన్ని అటు పంపేస్తుంది. కొత్తగా వేసిన టెంపర్డ్ గ్లాస్ రిసీవర్ రంధ్రాన్ని సగం మూసేసిన కేసులు కూడా తక్కువేమీ కావు.

తర్వాత శబ్దాన్ని రెండు దారుల్లోనూ విడివిడిగా పంపి చూడాలి. చాలా శాంసంగ్ ఫోన్లలో డయల్ ప్యాడ్‌లో `*#0*#` కొడితే టెస్ట్ మెనూ వస్తుంది, అందులో Receiver, Speaker అని వేర్వేరు బటన్లు కనిపిస్తాయి. షావోమీ ఫోన్లలో `*#*#6484#*#*` కొడితే అలాంటి మెనూయే వస్తుంది. మెనూ లేని ఫోన్‌లో వాట్సాప్ వాయిస్ మెసేజ్ ప్లే చేసి ఫోన్‌ను చెవికి ఆనించండి. శబ్దం రింగర్ నుంచి రిసీవర్‌కు మారుతుంది. మారిన తర్వాత ఏం వినిపించిందో జాగ్రత్తగా వినండి, అసలు విషయమంతా అక్కడే ఉంది.

శబ్దం సన్నగా ఉన్నా మాట స్పష్టంగా ఉంటే రిసీవర్ బాగుంది, దాని ముందున్న జాలీ మూసుకుపోయింది. మాటతో పాటు జరజరమని వస్తుంటే పొర చిరిగి ఉండాలి, లేదా ఇనుప రజను లోపలికి చేరి ఉండాలి. రిసీవర్‌లో అయస్కాంతం ఉంది కాబట్టి రజనును అదే లాక్కుంటుంది. శిల్పులతో పాటు లేత్ మెషిన్ల దగ్గర, వెల్డింగ్ షాపుల్లో పనిచేసేవాళ్ల ఫోన్లకూ ఈ ఇబ్బంది వస్తుంది. ఫోన్ పై అంచును వేలితో నొక్కితే వచ్చి, వదిలితే పోతుంటే రిసీవర్ బోర్డును తాకే స్ప్రింగ్ కాంటాక్టులు వంగాయి. ఏ శబ్దమూ లేకపోతే చుట్ట తెగి ఉండాలి, లేదా లైన్ పోయి ఉండాలి.

మన శిల్పి ఫోన్‌లో మాట సన్నగా ఉన్నా స్పష్టంగానే ఉంది. అంటే జాలీ మూసుకుపోయింది. ఫోన్‌ను బోర్లా పట్టుకుని పొడి మెత్తని బ్రష్‌తో తుడిస్తే పొడి కిందికి రాలుతుంది. వెల్లకిలా పెట్టి తుడిస్తే అదే పొడి లోపలికి పోతుంది. చెమటకు తడిసి గట్టిపడిన రాతిపొడి బ్రష్‌కు రాదు. అప్పుడు కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బ్రష్‌కు తగిలించి రుద్దాలి, ద్రవం చుక్కలుగా పడకూడదు. సూదితో గుచ్చడం, బ్లోయర్ గాలి నేరుగా కొట్టడం రెండూ రిసీవర్‌ను చంపే పనులే. ఆ వెనకున్న పొర చాలా పల్చన, గాలి దెబ్బకే చిరుగుతుంది. పైపైన తుడిస్తే చాలా ఫోన్లు బాగవుతాయి. కాకపోతే విప్పి, జాలీని లోపలి వైపు నుంచి శుభ్రం చేయాలి.

విప్పాక మల్టీమీటర్ పని మొదలవుతుంది. ఫోన్ ఆఫ్ చేసి, బ్యాటరీ కనెక్టర్ తీసి, రిసీవర్‌ను బోర్డు నుంచి విడదీసి కొలవాలి. మామూలు రిసీవర్ 32 ఓమ్‌లది, మీటర్ 30కి అటూఇటుగా చూపుతుంది. రింగర్ 8 ఓమ్‌లది, 6 నుంచి 8 మధ్య చూపుతుంది. మీటర్ ముళ్లు తాకినప్పుడు టక్కుమని చిన్న శబ్దం కూడా రావాలి. ఆ టక్కు వచ్చి అంకె సరిపోతే చుట్ట బతికే ఉంది. OL అని చూపిస్తే చుట్ట తెగింది, మార్చడమే. అంకె సరిపోయినా కాల్‌లో శబ్దం లేకపోతే కాంటాక్టులు చూడండి, ఆ తర్వాత బాగున్న రిసీవర్ ఒకటి పెట్టి చూడండి. దానిలోనూ రాకపోతే బోర్డు మీది లైన్ గానీ ఆడియో ఐసీ గానీ పోయిందన్నమాట. అది చిప్ లెవల్ పని. నేర్చుకునే దశలో అక్కడ ఆగి, తెలిసినవాళ్లకు పంపడమే సరైన నిర్ణయం.

ఈ అంకెలకు ఒక పరిమితి ఉంది. స్టీరియో స్పీకర్లున్న ఫోన్లలో చాలావాటిలో పైనున్న రిసీవరే రెండో స్పీకర్‌గా కూడా పాడుతుంది. దానికి కూడా ఆంప్లిఫయర్ ఉండొచ్చు, చుట్ట 32 ఓమ్‌లకు బదులు ఎనిమిదికి దగ్గరగా ఉండొచ్చు. మీటర్‌లో 7 కనిపించిందని దాన్ని పారేయకండి. మోడల్ స్కీమాటిక్ చూడండి, లేదా అదే మోడల్ బాగున్న ఫోన్‌తో పోల్చండి.

రింగర్ పోయి రిసీవర్ బాగున్నప్పుడు కథ వేరు. నంద్యాల చుట్టూ కేసీ కాలువ కింద వరి పొలాలు. మడిలో పనిచేస్తూ జేబులో పెట్టుకున్న ఫోన్‌కు తడి ముందుగా తగిలేది కింది భాగానికే. రింగర్ పలకడం లేదంటే వెంటనే రింగర్ మార్చేయకుండా కస్టమర్‌ను ఒక మాట అడగండి: "మీ మాట అవతలివాళ్లకు వినపడుతోందా? చార్జింగ్ ఎక్కుతోందా?" మెయిన్ మైకు, చార్జింగ్ పిన్ను చాలా ఫోన్లలో అదే సబ్ బోర్డు మీద ఉంటాయి. మూడూ కలిసి ఇబ్బంది పెడుతుంటే రింగర్‌ది తప్పు కాదు, స్ట్రిప్ గానీ దాని కనెక్టర్ గానీ తుప్పు పట్టింది. కనెక్టర్‌పై పచ్చగానో తెల్లగానో పేరుకున్నది కంటికే కనిపిస్తుంది. మైకు, చార్జింగ్ బాగుండి రింగర్ ఒక్కటే మూగబోతే అప్పుడు రింగర్ తీసి కొలవండి. గరిష్ఠ వాల్యూమ్‌లో గంటల తరబడి పాటలు మోగించిన ఫోన్లలో చుట్ట కాలిపోవడం, పొర చిరగడం ఎక్కువగా చూస్తాం. రింగర్ మీటర్‌లో బాగున్నా, బాగున్న వేరే రింగర్ పెట్టినా పలకకపోతే, స్ట్రిప్ కూడా మార్చి చూశాక అనుమానం ఆంప్లిఫయర్ ఐసీ మీదికి పోతుంది.

విప్పే ముందు కస్టమర్‌కు రెండు విషయాలు చెప్పి తీరాలి. కంపెనీ వారంటీ ఉన్న ఫోన్ బయట విప్పితే వారంటీ పోవచ్చు. నీళ్లు తట్టుకునే ఫోన్ ఒకసారి విప్పాక ఆ రక్షణ ముందున్నంత ఉండదు. చెప్పకుండా విప్పిన షాపుకు ఆ మనిషి మళ్లీ రాడు.

నేర్చుకునే దారుల విషయానికొస్తే, పల్లెల యువతకు బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో సెల్‌ఫోన్ రిపేరు కోర్సు ఉంది. 30 రోజులు, భోజనం వసతితో సహా ఉచితం. కొత్త బ్యాచ్ ఎప్పుడో దగ్గర్లోని సంస్థలో కనుక్కోండి. పదో తరగతి పాసై ఇంకా లోతుగా వెళ్లాలనుకునేవాళ్లకు ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్ ఉంది. బోర్డు మీది లైన్ వెతకడం, చిప్ లెవల్ పని ఎప్పటికైనా చేయాలంటే ఆ పునాది ఉండాలి. 30 రోజుల కోర్సు పనిముట్లు పట్టుకోవడం, పార్టులు మార్చడం నేర్పుతుంది, సర్క్యూట్ అర్థం చేసుకోవడానికి ఆ సమయం సరిపోదు.

కోర్సులో చేరకముందే చేయదగ్గ పని ఒకటుంది. ఇంట్లో మూలపడిన పాత ఫోన్ తీసి, బ్యాటరీ కనెక్టర్ విప్పి, రిసీవర్‌నూ రింగర్‌నూ మల్టీమీటర్‌తో కొలవండి. ఏ అంకె వచ్చిందో, టక్కు వినిపించిందో లేదో ఒక పుస్తకంలో మోడల్ పేరుతో సహా రాసుకోండి. స్నేహితుల పాత ఫోన్లతోనూ అలాగే చేయండి. సర్వీస్ సెంటర్ ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సర్టిఫికెట్‌తో పాటు ఆ పుస్తకం కూడా తీసుకెళ్లండి.